కరెంటు పోయినప్పుడల్లా అదే తాళం

మధురవాడలో మా గదిలో చిన్న బోర్డు మీద లాంపోర్ట్ సంతకం నడుపుతున్నాను, అంటే హాష్‌ల మీదే నిలబడే డిజిటల్ సంతకం. క్వాంటమ్ కంప్యూటర్ మీద నడిచే షోర్ పద్ధతికి ఆర్‌ఎస్‌ఏ సంతకం లొంగుతుంది గానీ, ఏ డేటానైనా నిర్ణీత పొడవు సంఖ్యగా మార్చే హాష్‌ను వెనక్కి తిప్పాలంటే క్వాంటమ్ కంప్యూటర్‌కైనా గ్రోవర్ వెతుకులాటే దిక్కు. 256 బిట్లకు అది దాదాపు 2^128 ప్రయత్నాలు.

రహస్య తాళమంటే 256 జతల సంఖ్యలు. సందేశపు హాష్‌లో బిట్ 0 అయితే ఆ జతలో మొదటిది, 1 అయితే రెండోది బయటపెడతాం. రెండోసారి వాడితే కొన్ని జతల్లో రెండూ బయటపడతాయి, అందుకే తాళం ఒక్కసారికే.

ఓ రోజు లాగ్ చూస్తే 17వ జతలో రెండూ బయటికొచ్చేసి ఉన్నాయి! కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, ఈసారి ఎన్నో తాళం వాడాలో చెప్పే కౌంటర్ సున్నాకి వెళ్లిపోతోంది. అలా ఒకే తాళంతో ఎనిమిది సందేశాలు. ఇక సగటున రెండు జతల్లోనే రహస్యం మిగులుతుంది. సందేశాన్ని నాలుగైదుసార్లు అటూఇటూ మార్చి చూస్తే దొంగ సంతకం తయారు.

ఇప్పుడు ముందు కౌంటర్ పెంచి, ఫ్లాష్‌లో రాసి, తిరిగి చదివాకే సంతకం. మధ్యలో కరెంటు పోతే ఒక తాళం వృథా. పోతే పోనీ.