గర్భిణి చిగుళ్ల నుంచి రక్తం: పంటి వైద్యానికి నాలుగో నెల ఎందుకు మంచిది

బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా పడుతుంది. నెల తప్పిన కొన్ని వారాలకే చాలామందికి ఇది మొదలవుతుంది. భయపడి ఆ వైపు బ్రష్ ఆనించడమే మానేస్తారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది.

గర్భంలో ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజన్ హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రభావంతో చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, వాటి గోడల్లోంచి ద్రవం సులువుగా బయటికి ఊరుతుంది. అయితే హార్మోన్లు ఒక్కటే చిగుళ్లను పాడుచేయవు. పంటి మొదట్లో పాచి ఉంటేనే ఈ వాపు వస్తుంది. మామూలు రోజుల్లో కొద్దిపాటి పాచిని పట్టించుకోని చిగురు, గర్భంలో అంతే పాచికి ఎర్రబడి, ఉబ్బి, తాకితే కారుతుంది. రక్తం చూసి బ్రష్ తగ్గిస్తే పాచి పెరుగుతుంది, పాచి పెరిగితే రక్తం ఇంకా ఎక్కువవుతుంది. సాధారణంగా రెండో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా ముదురుతూ పోయి, కాన్పు తర్వాత తగ్గుతుంది.

కాబట్టి రక్తం కారే చోటే మరింత శ్రద్ధగా తోమాలి, కాకపోతే మెత్తగా. సాఫ్ట్ బ్రష్ తీసుకుని, కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న కదలికలతో తోమండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో. పళ్ల సందుల్లో రోజుకోసారి ఫ్లాస్ వాడండి. వారం పది రోజుల్లో రక్తం తగ్గుముఖం పడితే అది పాచి వల్లేనని అర్థం. తగ్గకపోతే పంటికి గార గట్టిపడి ఉంటుంది, దాన్ని బ్రష్ తీయలేదు. క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

వేవిళ్లున్నవాళ్లకు ఇంకొక జాగ్రత్త. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి. కడుపులోంచి వచ్చిన ఆమ్లం పంటి పైపొరను కాసేపు మెత్తబరుస్తుంది, ఆ సమయంలో తోమితే పొర అరిగిపోతుంది. ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. అది ఆమ్లాన్ని విరుస్తుంది. బ్రష్ గంట తర్వాత. పేస్టు వాసనకే వాంతి వస్తుంటే, వాసన తక్కువగా ఉన్న పేస్టు, చిన్న తల ఉన్న బ్రష్ వాడి చూడండి. లోపలి పళ్లు కూడా అందుతాయి.

ఇక వైద్యం ఎప్పుడు? క్లీనింగ్ ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. ఫిల్లింగులు, రూట్ కెనాల్, పన్ను తీయడం లాంటివాటికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా, అందులోనూ 14 నుంచి 20 వారాల మధ్య అనువైన కాలం. మొదటి మూడు నెలల్లో బిడ్డ అవయవాలు ఏర్పడుతుంటాయి, తల్లికి వికారం కూడా ఎక్కువ. ఆ సమయంలో గర్భం పోతే, కారణం వేరే అయినా నింద పంటి వైద్యం మీదే పడుతుంది. చివరి మూడు నెలల్లో వెల్లకిలా పడుకోవడం కష్టం. ఇవన్నీ ఆగగలిగే పనులకు మాత్రమే. నొప్పి, చీము, వాపు ఉంటే ఏ నెలలోనైనా ఆ రోజే చూపించుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామెకు 16వ వారం. కింది దవడ పన్నుకు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, చిగుళ్లలో రక్తం. డాక్టర్ ముందుగా గార తీస్తారు. పన్నుకు ఒక ఎక్స్‌రే తీస్తారు. సీసం ఆప్రాన్, మెడకు కాలర్ వేస్తే బిడ్డకు చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. మత్తుకు అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ వాడతారు. పంటి వైద్యంలో వాడే మోతాదులో అది గర్భిణులకు సురక్షితమైనదే. పుచ్చు నరం దాకా పోకపోతే ఫిల్లింగుతో ఒక్క పూటలో అయిపోతుంది.

చల్లదనం తీసేశాక కూడా నొప్పి చాలాసేపు ఉండటం, రాత్రి నిద్రలో సలపడం మొదలైతే నరం దెబ్బతిన్నట్టే, రూట్ కెనాల్ తప్పదు. ఇదే ఆమె కాన్పు దాకా ఆగిందనుకోండి. 34వ వారంలో చీము పట్టి దవడ వాస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ వేసుకోవాలి, భారంగా ఉన్న కడుపుతో కుర్చీలో పడుకోవాలి, అదే పని ఇప్పుడు రెట్టింపు కష్టంతో చేయించుకోవాలి. వాపు దవడ కిందికి పాకడం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, జ్వరం కనిపిస్తే క్లినిక్ కాదు, నేరుగా ఆసుపత్రికే.

చివరి నెలల్లో కుర్చీ ఎక్కాల్సి వస్తే పూర్తిగా వెల్లకిలా పడుకోకండి. బిడ్డ బరువు కింది నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. చెమటలు, వికారం, కళ్లు తిరగడం దాని గుర్తులు. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టించుకుని ఎడమవైపుకు కొద్దిగా ఒరిగి పడుకుంటే ఆ ఇబ్బంది రాదు. వచ్చినా పూర్తిగా ఎడమకు తిరగండి, క్షణాల్లో తేరుకుంటారు.

చిగుళ్ల వైద్యం చేయిస్తే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం తప్పుతుందని కొందరు అంటారు. అంత పెద్ద మాట అనలేం. 2006లో వెలువడిన అమెరికా పరిశోధనలో 823 మంది గర్భిణుల్లో సగం మందికి గర్భంలోనే, మిగతావాళ్లకు కాన్పు తర్వాత చిగుళ్ల వైద్యం చేశారు. ముందస్తు కాన్పుల్లో తేడా రాలేదు. చిగుళ్లు మాత్రం బాగుపడ్డాయి, వైద్యం వల్ల హానీ కనిపించలేదు.

మందుల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పంటి నొప్పికి ఇంట్లో మిగిలిన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మింగకండి. ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. నొప్పికి పారాసెటమాల్, అదీ అవసరమైనన్ని రోజులే. చీముకు అమోక్సిసిలిన్ సాధారణంగా సరిపోతుంది. అది పెన్సిలిన్ జాతి మందే, కాబట్టి పెన్సిలిన్ పడదని తెలిస్తే ముందే చెప్పాలి. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ వద్దు, బిడ్డ పళ్ల రంగు శాశ్వతంగా మారే ప్రమాదం ఉంది. ప్రసవ వైద్యులు ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబరిచే ఇంజెక్షన్ గానీ రాసి ఉంటే పన్ను తీసే ముందు చెప్పండి, కానీ సొంతంగా ఆపకండి. పళ్లు తెల్లబరచడం, పాత వెండి ఫిల్లింగులు తీసి మార్చడం కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోండి.

కొందరికి రెండు పళ్ల మధ్య చిగురు మీద ఎర్రటి కండ మొలుస్తుంది, ముట్టుకుంటే చాలు రక్తం వస్తుంది. చూడటానికి భయమేస్తుంది గానీ క్యాన్సర్ కాదు. తినడానికి అడ్డుపడకపోతే, రక్తం అతిగా పోకపోతే, గార తీయించి కాన్పు దాకా ఆగడమే మేలు. గర్భంలో కోస్తే మళ్లీ మొలవచ్చు. కాన్పు తర్వాత చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది, మిగిలితే అప్పుడు తీస్తారు. బిడ్డకు మూడు నెలలొచ్చినా చిగుళ్లు ఇంకా కారుతున్నాయంటే అది గర్భం వల్ల వచ్చిన వాపు ఒక్కటే కాదు. పంటి కింద ఎముక దాకా చిగుళ్ల జబ్బు పాకిందేమో పరీక్ష చేయించాలి.