సర్టిఫికెట్ అనువాదం తిరిగి వచ్చిందా? సమస్య - పరిష్కారం

గుంటూరులో సర్టిఫికెట్లను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించడం నా పని. కొత్తగా చేయించుకునేవాళ్ల కంటే, ఒకసారి చేయించుకుని దెబ్బతిన్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈమధ్య తెనాలి పక్క పల్లె నుంచి ఒకాయన తన భార్య కెనడా ఫైలు పట్టుకుని వచ్చారు. పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఉంది, ఇంగ్లీషు అనువాదం ఉంది, దాని మీద నోటరీ ముద్ర కూడా ఉంది. అయినా దరఖాస్తు అసంపూర్ణంగా ఉందని వెనక్కి పంపారు. మామూలుగా పది ఫైళ్లలో చూసే తప్పులన్నీ ఆ ఒక్క ఫైలులోనే కనిపించాయి.

సమస్య: నోటరీ ముద్ర ఉన్నా అఫిడవిట్ లేదన్నారు

ముద్ర కింద ఏం రాసి ఉందో చదివితే కారణం తెలిసిపోతుంది. ఈయన కాగితం మీద "ట్రూ కాపీ" అని ఉంది. అంటే జిరాక్సు అసలు పత్రంతో సరిపోయిందని నోటరీ చెప్పారు, అంతే. అనువాదం సరైనదా కాదా అన్న మాట అందులో లేదు.

కెనడా ఇమిగ్రేషన్ శాఖ అడిగేది వేరు. అనువాదకుడు ఏదైనా అనువాదకుల వృత్తి సంఘంలో సభ్యుడై, తన సభ్యత్వ సంఖ్య ఉన్న ముద్ర వేయగలిగితే అది చాలు. మన దగ్గర అలాంటివాళ్లు అరుదు కాబట్టి రెండో దారి పట్టాలి. అనువాదకుడే నోటరీ ఎదుట ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. తన పేరు, చిరునామా, తనకు తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చన్న సంగతి, అనువదించిన పత్రం ఏది, దాని నంబరు, తేదీ, అనువాదం అసలుకు పూర్తిగా నిజమైన ప్రతి అన్న మాట అందులో ఉండాలి. అనువాదకుడు సంతకం పెట్టాక, ఈయన నా ఎదుట ప్రమాణం చేశారని నోటరీ కింద రాసి సంతకం చేస్తారు. దానికి అసలు పత్రం ధ్రువీకృత నకలు జత చేయాలి. ఈయన దగ్గరున్న "ట్రూ కాపీ" ముద్ర అక్కడికి పనికొస్తుంది, అఫిడవిట్‌కు బదులుగా మాత్రం కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. కోర్టు దగ్గర టైపు చేసేవాళ్ల దగ్గర అఫిడవిట్ నమూనా సిద్ధంగా ఉంటుంది. అందులో "నేను, ఫలానా" అన్న చోట అలవాటు కొద్దీ దరఖాస్తుదారు పేరు టైపు చేసేస్తారు. డబ్బులిచ్చే ముందు మొదటి వాక్యం చదవండి. అక్కడ అనువాదకుడి పేరు లేకపోతే ఆ కాగితం దండగ.

సమస్య: అనువాదం బాగుంది, అనువాదకుడే పనికిరాడన్నారు

"చేసింది మా ఆవిడ బావండీ, ఇంగ్లీషు లెక్చరర్" అన్నారు ఆయన. అనువాదం నిజంగానే బాగుంది. కానీ ఆ బావ ఆమెకు మేనత్త కొడుకు. కెనడా నిషేధించిన బంధువుల జాబితాలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, తాతముత్తాతల తరం మాత్రమే కాదు, అత్తలు, మామలు, మేనల్లుళ్లు, చివరికి అత్త, మామ, బాబాయి, పిన్ని పిల్లలు కూడా ఉన్నారు. దరఖాస్తు నడిపే కన్సల్టెంటు కూడా అనువదించకూడదు. మన ఊళ్లలో సగం వీధి ఈ జాబితాలోకి వచ్చేస్తుంది! బంధుత్వం లేని మనిషి చేత మళ్లీ చేయించడం తప్ప దారి లేదు. పాత అనువాదాన్నే ఆ కొత్త మనిషి చేత దిద్దించి సంతకం పెట్టించడం మోసమవుతుంది, నేనైతే ఒప్పుకోను.

సమస్య: పేర్లు కలవడం లేదు, ముద్రలు వదిలేశారు

ధ్రువపత్రంలో ఆమె పేరు "కె. నాగలక్ష్మి" అని ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బావగారు మేలు చేద్దామని అనువాదంలోనూ ఇంటిపేరు పూర్తిగా రాసేశారు. అసలులో లేనిది అనువాదంలో పుట్టకూడదు. పొడి అక్షరాన్ని పొడి అక్షరంగానే ఉంచి, పాస్‌పోర్టులో పేరు ఇలా ఉందని అనువాదకుడి గమనిక విడిగా రాయాలి. అక్షరక్రమం మాత్రం పాస్‌పోర్టును అనుసరించవచ్చు. Lakshmi అని ఉంటే అలాగే, Laxmi అని ఉంటే అలాగే. రెండూ "లక్ష్మి"కి సరైనవే.

పుట్టిన తేదీ 07-08-1991 అని ఉంది. మనకు అది ఆగస్టు 7, అమెరికావాళ్లకు జులై 8. నెలను ఎప్పుడూ అక్షరాల్లో రాస్తే ఈ గొడవ ఉండదు.

పత్రం వెనక వైపు తల్లి పేరు సవరించినట్టు చేతిరాతతో ఒక వాక్యం, దాని పక్కన పంచాయతీ గుండ్రటి ముద్ర ఉన్నాయి. అనువాదంలో ఆ రెండూ లేవు. ముద్రలోని తెలుగు కూడా అనువదించాలి. చదవడానికి వీల్లేని చోట "చదవడం కుదరలేదు" అని రాయాలి తప్ప ఊహించి నింపకూడదు.

సమస్య: "స్వోర్న్ ట్రాన్స్‌లేటర్" కావాలంటున్నారు, ఊళ్లో దొరకడం లేదు

దొరకరు. కోర్టో ప్రభుత్వమో ప్రమాణం చేయించి, జాబితాలో పేరెక్కించి నియమించే అనువాదకుల వ్యవస్థ మన దేశంలో లేదు. 1952 నాటి నోటరీల చట్టం 8వ సెక్షన్ ప్రకారం పత్రాన్ని అనువదించే, అనువాదాన్ని సరిచూసే అధికారం నోటరీకి ఉంది. విజయవాడలోనో గుంటూరులోనో బోర్డు మీద ఆ బిరుదు కనిపిస్తే, దాని వెనక ఉన్నది చాలావరకు ఇదే.

కాబట్టి ముందు చూడాల్సింది అడిగినవాళ్లు ఆ మాటను ఏ అర్థంలో వాడారన్నది. అమెరికా ఇమిగ్రేషన్‌కు ప్రమాణమే అక్కర్లేదు. అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు రెండు భాషల్లోనూ సామర్థ్యం ఉందని అనువాదకుడు రాసి సంతకం పెడితే సరిపోతుంది, నోటరీ ఖర్చు వృథా. బ్రిటన్ వీసాకు సరైన అనువాదమన్న మాట, తేదీ, పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. ఆ ఫోన్ నంబరు పనిచేసేదై ఉండాలి, ఎందుకంటే వాళ్లు విడిగా సరిచూసుకోవచ్చు.

ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థలు అడిగితే చాలాసార్లు నాటి అనే అక్కడి సంస్థ ధ్రువీకరించిన అనువాదకుడు కావాలని అర్థం. (పలకడం మన "నాటి"లాగే ఉంటుంది, ఫోన్లో చెబితే ఎవరికీ అర్థం కాదు.) naati.com.au లోని జాబితాలో వెతికి, స్కాన్ పంపి చేయించుకోవచ్చు. అనువాదకుడి పేరు పక్కన తెలుగు నుంచి ఇంగ్లీషుకు అని ఉందో లేదో చూడండి, ఎందుకంటే ధ్రువీకరణ ఒక దిశకే ఇస్తారు. జర్మనీ, స్పెయిన్ సంస్థలు అడిగితే మాత్రం అసలు ఇంగ్లీషు అనువాదంతో పని జరగకపోవచ్చు. జర్మనీలో అక్కడి కోర్టులు, స్పెయిన్‌లో విదేశాంగ శాఖ గుర్తించినవాళ్లు తమ భాషలోకి చేసిందే వాళ్లకు కావాలి. ఇక్కడ ఇంగ్లీషులో చేయించి, అక్కడ మళ్లీ చేయించుకుని రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సంస్థకు ఒక్క మెయిలు పెట్టి, ఏ భాషలోకి, ఎవరు గుర్తించిన అనువాదకుడు అని రెండు ప్రశ్నలు అడగండి.

తెనాలి ఫైలుకు చివరికి నాలుగు రకాల కాగితాలు కట్టాం. ధ్రువపత్రం రెండు వైపులా నోటరీ ధ్రువీకరించిన నకలు, ముద్రలతో సహా అనువాదం, పేరు గురించి గమనిక, నా అఫిడవిట్. ఆయన సంతకం చేయాల్సిన కాగితం ఒక్కటీ లేకపోవడం చూసి, "మరి నేనెందుకు వచ్చినట్టండీ?" అని నవ్వారు.