మసక ఫొటోలోని దస్తావేజును అనువదించే ముందు

☐ అక్షరాలు అలుక్కుపోయిన ఫొటోను ఎంత పెద్దది చేసినా పోయిన గీత తిరిగి రాదు. కాగితాన్ని కిటికీ పక్కన చదునుగా పరిచి, ఫ్లాష్ లేకుండా మళ్లీ తీసి పంపమనండి.

☐ ‘ప’, ‘వ’లను ప్రత్యేకంగా చూడండి. మసకలో ‘ప’ పైనున్న ఖాళీ పూడిపోయి ‘వ’లా కనిపిస్తుంది. హద్దుల్లో “కాలువ పంపు” కాస్తా “కాలువ వంపు” అవుతుంది. రెండూ అర్థవంతమే, అందుకే తప్పు దొరకదు. అదే రాతలో స్పష్టంగా ఉన్న మరో ‘ప’తో పోల్చండి.

☐ తేలకపోతే అనువాదంలో [పంపు? / వంపు?] అని రెండు అర్థాలూ ఇచ్చి, పుట, వరుస సంఖ్యలు కింద రాయండి. అసలు కనిపించనిచోట [అస్పష్టం] చాలు.

☐ సర్వే నంబరు 183 లేక 188? ఊహించవద్దు, రెండూ చూపండి.