సర్వసభ్య సమావేశం సర్క్యులర్ పంపే ముందు చూసుకోవాల్సినవి

ముందు బైలాస్ తెరవండి. అందులో ‘14 రోజుల నోటీసు’ అని ఉందా, ‘14 పూర్తి రోజులు’ అని ఉందా చూడండి. పూర్తి రోజులంటే నోటీసు అందిన రోజు, సమావేశం రోజు రెండూ లెక్కలోకి రావు.

మీటింగ్ 28, ఆదివారం అనుకుందాం. క్యాలెండర్ మీద వేలు పెట్టి వెనక్కి రండి: 27 ఒకటి, 26 రెండు... 14వ తేదీ దగ్గర పద్నాలుగు పూర్తవుతాయి. అంటే 13, శనివారానికల్లా నోటీసు సభ్యులకు అందాలి. చాలామంది 28లోంచి 14 తీసేసి 14న పంచుతారు. ఒక రోజు తగ్గిపోతుంది. తీర్మానం నచ్చనివాళ్లు అభ్యంతరం పెట్టడానికి ఆ ఒక్క రోజు చాలు.

పోస్టులో వెళ్లేవాటికి ఇంకా ముందు కదలాలి. పోస్టు చేసిన రెండో రోజుకి అందినట్టు లెక్క అని బైలాస్‌లో ఉంటే 11నే వేసెయ్యాలి. నేనైతే 9న వేస్తాను.

సర్క్యులర్ మీద 10 అని తేదీ ఉన్నా 15న పంచితే అది 15వ తేదీ నోటీసే. అందుకే చేతికిచ్చినవాటికి తేదీతో సంతకం తీసుకోండి, పోస్టు రసీదులు దాచండి.

తేదీ, వారం సరిపోయాయా? వేళ, చోటు రాశారా?

బైలాస్ సవరణ ఉంటే పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ జతచేయండి. ‘ఇతర అంశాలు’ కింద దాన్ని పెట్టకండి. సవరణకు గడువు వేరుగా ఉంటే ఎక్కువ రోజులున్న దాన్నే పట్టుకుని లెక్కపెట్టండి.