చదువుకునేటప్పుడు ఫోన్ నోరు మూయించడం ఎలా?

సులువైన పనులు ముందు కానిచ్చేద్దాం. ఛార్జర్‌ని హాల్లోకి మార్చండి, చదువు అయ్యేదాకా ఫోన్ అక్కడే ఉండాలి. బల్ల మీద మామూలు గడియారం పెట్టుకోండి. టైం చూద్దామని ఫోన్ తీసిన వాళ్లెవరూ టైం చూసి ఊరుకోరు. ఇన్‌స్టాగ్రామ్ యాప్ తీసేసినవాళ్లు క్రోమ్‌లోనూ లాగౌట్ అయి, సేవ్ అయిన పాస్‌వర్డ్ కూడా చెరిపేయాలి. లేకపోతే సాయంత్రానికి అదే దారిలో మళ్లీ దూరతారు. యాప్ టైమర్లు మాత్రం నాకు అనవసరం. పెట్టినంత తేలిగ్గా తీసేయొచ్చు.

అందరూ చెడగొట్టేది Do Not Disturb దగ్గరే. సైలెంట్‌లో పెడితే చాలనుకుంటారు. స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది, వైబ్రేషన్‌కి బల్లంతా గుర్రుమంటుంది. లేదా అన్నీ ఆపేస్తారు. అప్పుడు ఇంటి నుంచి ఫోన్ వచ్చిందేమోనన్న బెంగతో పది నిమిషాలకోసారి లేచి చూస్తారు. రెండో రోజుకి విసుగొచ్చి ఆ సెట్టింగే తీసేస్తారు. రావాల్సిన కాల్ తప్పకుండా వస్తుందన్న నమ్మకం ఉంటేనే ఫోన్‌ని హాల్లో వదిలి రాగలరు.

ఆండ్రాయిడ్‌లో ఇలా చేయండి. కాంటాక్ట్స్‌లో అమ్మ, నాన్న, ఇంకొక్కరు, ఈ ముగ్గురికే స్టార్ పెట్టండి. పదిమందికి పెడితే పెట్టనట్టే. Settings‌లో Do Not Disturb తెరిచి, కాల్స్‌కి స్టార్ ఉన్నవాళ్లను మాత్రమే అనుమతించండి. మెసేజ్‌లకు ఎవరినీ వద్దు. అలారం ఉండనివ్వండి. నోటిఫికేషన్లు తెర మీద కనబడకుండా దాచే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. ఇది మరిచిపోతే, ఓటీపీ కోసం ఫోన్ తీసినప్పుడు వరసకట్టి ఉన్నవన్నీ లోపలికి లాగుతాయి. చివరగా 6 నుంచి 8 దాకా అని షెడ్యూల్ పెట్టేయండి. రోజూ చేత్తో ఆన్ చేద్దామనుకుంటే మూడో రోజు మరిచిపోతారు.

Repeat callers అనేది మాత్రం ఆన్‌లోనే ఉండాలి. 15 నిమిషాల్లో ఒకే నంబర్ నుంచి రెండోసారి కాల్ వస్తే అది మోగనిస్తుంది. నాన్న ఆపదలో పక్కవాళ్ల ఫోన్ నుంచి చేస్తే దానికి స్టార్ ఉండదు కదా! కొరియర్ అబ్బాయి రెండుసార్లు చేసినా మోగుతుంది, ఆ మాత్రం భరించాలి.

ఇప్పుడు పరీక్షించండి. స్టార్ లేని నంబర్ నుంచి ఒకసారి చేయించండి, మోగకూడదు. వెంటనే మళ్లీ చేయిస్తే మోగాలి. స్టార్ ఉన్న నంబర్ మొదటిసారికే మోగాలి, అదీ పక్క గదిలో మీకు వినబడేంత గట్టిగా. మోగకపోతే చాలాసార్లు తప్పు సెట్టింగ్‌ది కాదు. అమ్మ నంబర్ రెండు పేర్లతో సేవ్ అయి ఉంటుంది, లేదా ఆమె వేరే సిమ్ నుంచి చేసి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి: అర్జెంటైతే వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్ చేయమని.