ఏడేళ్లుగా ఆచూకీ లేని వ్యక్తి ఆస్తి: సివిల్ కోర్టులో దావా వేసే విధానం, వారసుల వాటాల లెక్క

ఇంటి నుంచి వెళ్లిన మనిషి ఏడేళ్లు తిరిగి రాకపోతే చట్టం దృష్టిలో దానంతట అదే మరణించినట్లవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకంతోనే గ్రామ సచివాలయానికి వెళ్లి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడుగుతారు. మరణ ధ్రువీకరణ పత్రం లేదని అక్కడ దరఖాస్తు తిరస్కరిస్తే సిబ్బందిని తప్పుపడతారు. నిజానికి తప్పు సిబ్బందిది కాదు. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 111వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు సాక్ష్య చట్టం 108వ సెక్షన్) చెప్పేది ఒక్కటే: ఒక వ్యక్తి బతికి ఉంటే సహజంగా అతని కబురు తెలియవలసినవారికి ఏడేళ్లుగా ఏ కబురూ లేదని రుజువైతే, అతను బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని నిరూపించాలి. ఇది కోర్టు ముందు వివాదం వచ్చినప్పుడు మాత్రమే పనిచేసే సూత్రం కాబట్టి తహసీల్దారు గానీ పంచాయతీ కార్యదర్శి గానీ దీన్ని సొంతంగా అమలు చేయలేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రకాశం జిల్లా టంగుటూరు మండలంలో ఒక పొగాకు రైతు 2016 ఫిబ్రవరిలో ఇల్లు విడిచి వెళ్లాడు. అదే ఏడాది జూన్‌లో భార్యకు ఒక్కసారి ఫోన్ చేశాడు, ఆ తర్వాత ఏ సమాచారమూ లేదు. అతని పేర సొంతంగా కొన్న మూడెకరాల భూమి ఉంది. ఇంట్లో భార్య, పెళ్లీడు దాటిన కొడుకు, కూతురు, వృద్ధురాలైన తల్లి ఉన్నారు. తండ్రి అంతకుముందే చనిపోయాడు. వేరు కాపురం ఉంటున్న తమ్ముడు, అత్తవారింట ఉన్న చెల్లెలు కూడా ఉన్నారు. 2020 ఆగస్టులో తల్లి చనిపోయింది. భార్యాపిల్లలు 2024 సెప్టెంబరులో కోర్టుకు వెళ్లారు. వీలునామా ఏదీ లేదు.

మొదట చూడవలసింది ఏడేళ్ల లెక్క. ఇది ఇల్లు విడిచిన రోజు నుంచి కాదు, పోలీసు ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి కూడా కాదు, చివరిసారిగా కబురు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. మన రైతు విషయంలో అది 2016 జూన్ కాబట్టి, 2023 జూన్ దాటాకే దావా నిలుస్తుంది. ఆ ఫోన్ సంగతిని దాచిపెట్టి ఫిబ్రవరి నుంచి లెక్కించిన కుటుంబాలు, సాక్షి బోనులో ఎదుటి వకీలు అడిగే ఒక్క ప్రశ్నతో ఇబ్బందిలో పడతాయి.

దావాకు ముందే సిద్ధం చేసుకోవలసిన ముఖ్యమైన కాగితం పోలీసుల నుంచి వస్తుంది. మనిషి కనిపించడం లేదని నమోదైన ఎఫ్‌ఐఆర్ నకలు, గాలించినా ఆచూకీ దొరకలేదన్న తుది నివేదిక రెండూ కావాలి. ఎఫ్‌ఐఆర్ ఒక్కటే తెచ్చి సరిపోతుందనుకోవడం తరచుగా కనిపించే పొరపాటు. దీంతోపాటు బ్యాంకు ఖాతాలో ఇన్నేళ్లుగా అతను లావాదేవీ చేయలేదని చూపే స్టేట్‌మెంట్, బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో ఇద్దరు ముగ్గురి సాక్ష్యం ఉంటే మంచిది. పొగాకు అప్పుల కారణంగా వెళ్లిపోయిన మనిషి అయితే ఒక చిక్కు ఉంది. అప్పులవాళ్లకు భయపడి కావాలనే కబురు పంపడం లేదేమో అని కోర్టు అడగవచ్చు. అప్పులు తీరాక కూడా, కూతురి పెళ్లికి కూడా, తల్లి కర్మకు కూడా రాలేదన్న సాక్ష్యం ఆ అనుమానానికి జవాబు ఇస్తుంది. అందువల్ల అలాంటి సందర్భాలను తేదీలతో రాసిపెట్టుకోవాలి.

దావాను భూమి ఏ సివిల్ కోర్టు పరిధిలో ఉందో అక్కడ వేయాలి. జిల్లా కలెక్టరు ద్వారా రాష్ట్ర ప్రభుత్వాన్ని, తహసీల్దారును, జనన మరణాల రిజిస్ట్రారును (పల్లెలో పంచాయతీ కార్యదర్శి) ప్రతివాదులుగా చేర్చేటప్పుడు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందుగా నోటీసు పంపాలి. అత్యవసరమైతే నోటీసు లేకుండా వేయడానికి కోర్టు అనుమతి కోరవచ్చు, కానీ ఏడేళ్లు ఆగిన విషయంలో ఆ అత్యవసరాన్ని చూపించడం తేలిక కాదు. మరణించినట్లు ప్రకటించమని మాత్రమే కోరితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ అడ్డుపడుతుంది, ఎందుకంటే అడగగలిగిన తదుపరి ఉపశమనాన్ని అడగనివారికి ఉత్త ప్రకటన ఇవ్వకూడదని ఆ సెక్షన్ అంటుంది. కాబట్టి వాదులే వారసులని ప్రకటించాలని, మరణాన్ని నమోదు చేయడానికి అధికారులను ఆదేశించాలని కూడా కోరాలి.

ఇక వాటాలకు కీలకమైన మాట తేదీ. ఏడేళ్లు గడిస్తే మరణించినట్లు భావించవచ్చు గానీ, ఏ రోజున మరణించాడో ఆ భావన చెప్పదు. మాయమైన రోజే అనీ, ఏడేళ్లు నిండిన రోజే అనీ అనుకోవడానికి చట్టంలో ఆధారం లేదని సుప్రీంకోర్టు 2004లో ఎల్‌ఐసీ, అనురాధ కేసులో స్పష్టం చేసింది. మహా అయితే, దావా వేసే నాటికి అతను బతికి లేడని మాత్రమే అనగలం. అంతకన్నా ముందు తేదీ మీద తన హక్కు ఆధారపడిందనేవారు ఆ తేదీని సాక్ష్యంతో నిరూపించుకోవాలి.

మన ఉదాహరణలో అసలు తగాదా ఇక్కడే పుడుతుంది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్య, కొడుకు, కూతురు, తల్లి మొదటి తరగతి వారసులు. రైతు తల్లికన్నా ముందే చనిపోయాడని తేలితే 300 సెంట్లు నాలుగు భాగాలై ఒక్కొక్కరికి 75 సెంట్లు వస్తాయి. ఆ తర్వాత తల్లి 75 సెంట్లు ఆమె సంతానానికి, అంటే తమ్ముడికి 25, చెల్లెలికి 25, రైతు పిల్లలిద్దరికీ కలిపి 25 వెళతాయి. తల్లి వాటాలో కోడలికి ఏమీ రాదు. దాంతో చివరికి భార్యకు 75, కొడుకు, కూతుళ్లకు చెరి 87.5, తమ్ముడు, చెల్లెళ్లకు చెరి 25 సెంట్లు. రైతు తల్లి తర్వాత కూడా ఉన్నాడనుకుంటే భార్యకు, కొడుక్కు, కూతురికి తలా ఎకరం. తమ్ముడికీ చెల్లెలికీ ఏమీ లేదు.

కాబట్టి 2020 ఆగస్టుకు ముందే అన్న చనిపోయాడని తమ్ముడు వాదిస్తే, ఆ రుజువు భారం అతని మీదే పడుతుంది. 2017లో వేరే ఊళ్లో దొరికిన గుర్తు తెలియని శవానికి అన్న ఆనవాళ్లు సరిపోయాయన్న పోలీసు రికార్డు ఉంటే అది సాక్ష్యం. 'అప్పుడే పోయి ఉంటాడు' అన్న ఊహ సాక్ష్యం కాదు. సముద్రంలో పడవ మునిగి మనిషి దొరకని సందర్భం మాత్రం వేరు. అక్కడ పరిస్థితులే మరణాన్ని చూపుతాయి గనుక ఏడేళ్లు ఆగకుండానే రుజువు చేయవచ్చు.

తమ్ముడు, చెల్లెళ్లను ఎందుకు దావాలో ప్రతివాదులుగా చేర్చాలో ఇప్పుడు తెలుస్తుంది. ఇలాంటి ప్రకటన డిక్రీ దావాలో ఉన్నవారికీ, వారి ద్వారా హక్కు పొందేవారికీ మాత్రమే వర్తిస్తుంది. 'వాళ్లను పిలిస్తే అనవసరపు గొడవ' అనుకుని వదిలేస్తే, డిక్రీ చేతికొచ్చాక కూడా వాళ్లు వేరే పంపకం దావా వేయవచ్చు. నా ఉద్దేశంలో ఈ ప్రక్రియలో ఇంతకన్నా ఖరీదైన తప్పు లేదు. దావా పత్రమైన ప్లెయింటులో 'ఫలానా తేదీన మరణించారు' అని రాయడం దాని తర్వాతి తప్పు. నిరూపించలేని తేదీని రాసినవారు దానికే కట్టుబడి ఉండవలసి వస్తుంది. 'దావా వేసిన తేదీకి మరణించినట్లు భావించాలి' అని కోరితే రిజిస్ట్రారుకు నమోదుకు ఒక ఆధారం దొరుకుతుంది.

డిక్రీ నకలుతో మరణ నమోదు, ఆ పత్రంతో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, ఆ రెండింటితో సచివాలయం లేదా మీసేవ ద్వారా రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్ దరఖాస్తు, ఈ వరుసలోనే వెళ్లాలి. భూమి కోసం సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా అంటే అది అవసరం లేదు. ఆ పత్రం అతనికి రావలసిన అప్పులు, డిపాజిట్లు, షేర్ల వంటి వాటికే. మ్యుటేషన్ తర్వాత ఆ భూమిని కొనేవారు డిక్రీని, దావాలోని కక్షిదారుల జాబితాను చదివి చూసుకోవాలి. ఎందుకంటే వెళ్లిన మనిషి ఒకవేళ తిరిగి వస్తే, ఆ భావన తొలగిపోయి భూమి తనదేనని అతను కోర్టును ఆశ్రయించవచ్చు.