ఇంట్లో వైఫై లేకున్నా ఫోన్‌లోని ఫొటోలు, వీడియోలు టీవీలో చూడటం ఎలా?

దసరాకు హాలియా దగ్గరి మా ఊరికి పోయినప్పుడు సద్దుల బతుకమ్మ ఫొటోలు, వీడియోలు కలిపి నా ఫోన్‌లో రెండు వందల దాకా ఉన్నాయి. ఒక్క ఫోన్ చుట్టూ పదిమంది మూగితే ఎవరికీ సరిగ్గా కనపడదు. అమ్మమ్మకైతే చిన్న తెర కంటికి అసలు ఆనదు. గోడకు 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది కదా, దాంట్లో పెడదామంటే "ఇంట్ల వైఫై లేదు కదరా, ఎట్ల వస్తది?" అన్నాడు మామయ్య. చాలామంది ఇట్లనే అనుకుని ఆగిపోతారు. ఫోన్‌లో ఉన్న ఫొటోలు చూడటానికి నెట్ అక్కరలేదు, రూటర్ కూడా అక్కరలేదు.

ఫోన్ నుంచి టీవీకి పంపడానికి రెండు దారులున్నాయి, రెండూ వేరు. మొదటిది మిర్రరింగ్: ఫోన్ తెర మీద ఏది కనపడితే అదే టీవీలో కనపడుతుంది. ఫోన్, టీవీ రెండూ నేరుగా వైఫై రేడియోతో మాట్లాడుకుంటాయి, మధ్యలో ఇంకేమీ ఉండదు. దీన్నే మిరాకాస్ట్ అంటారు. రెండోది కాస్టింగ్: యూట్యూబ్ లాంటి యాప్‌లో కాస్ట్ గుర్తు నొక్కితే ఫోన్ టీవీకి "ఫలానా వీడియో పెట్టు" అని చెప్పి ఊరుకుంటుంది, వీడియోను టీవీయే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ కావాల్సింది ఈ రెండోదానికి. మన పెళ్లి ఫొటోలకు, పండుగ వీడియోలకు మొదటిది చాలు.

ముందు టీవీ దగ్గర మొదలుపెట్టండి. రిమోట్‌తో యాప్‌లలోనో, ఇన్‌పుట్ లేదా సోర్స్ జాబితాలోనో Screen Mirroring, Screen Share, Miracast, Wireless Display వీటిలో ఏదో ఒక పేరు వెతికి తెరవండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది, పని ఒక్కటే. ఫైర్ టీవీ స్టిక్ ఉన్నవాళ్లు రిమోట్‌లో హోమ్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో Mirroring అని వస్తుంది. కొన్ని టీవీలకు ఈ పనేమీ అక్కరలేదు, ఫోన్ పిలిచినప్పుడు వాటంతట అవే లేస్తాయి.

ఇప్పుడు ఫోన్. వైఫై ఆన్ చేయండి. ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ కానక్కరలేదు, ఆన్‌లో ఉంటే చాలు. హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. మా ఇంట్లో మొదట ఆగింది ఇక్కడే, పిల్లలు ఆటకోసం నా ఫోన్ హాట్‌స్పాట్ వాడుకుంటున్నారు, అది ఆపేదాకా టీవీ పేరే కనపడలేదు. తర్వాత పైనుంచి కిందికి జారిస్తే వచ్చే బటన్లలో శామ్‌సంగ్ అయితే Smart View, మిగతావాటిలో ఎక్కువగా Cast, Screencast లేదా Screen mirroring అని ఉంటుంది. అది నొక్కితే టీవీ పేరు వస్తుంది, పేరు మీద నొక్కి Start now అనండి. మొదటిసారి టీవీ తెర మీద అనుమతి అడుగుతుంది, రిమోట్‌తో Allow నొక్కాలి. కంగారులో Deny నొక్కితే కొన్ని టీవీలు అది గుర్తుపెట్టుకుని మళ్లీ అడగవు, అప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయిన పరికరాల జాబితాకు పోయి మీ ఫోన్ పేరు తీసేసి మొదటినుంచి చేయాలి.

కలిసిన వెంటనే గ్యాలరీ తెరవకండి. ముందు Do Not Disturb పెట్టండి. లేకపోతే ఎవరి మెసేజ్ వచ్చినా, బ్యాంక్ ఓటీపీ వచ్చినా గదిలో ఉన్న అందరికీ పెద్ద అక్షరాలతో కనపడుతుంది. స్క్రీన్ టైమౌట్‌ను 10 నిమిషాలకో, అంతకంటే ఎక్కువకో పెంచండి, చాలా ఫోన్లలో తెర ఆరిపోతే టీవీలో బొమ్మ కూడా పోతుంది. చార్జర్ పెట్టుకోండి, మిర్రరింగ్‌కు బ్యాటరీ బాగా ఖర్చవుతుంది. చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలిసి ఉంటే తీసేయండి, బొమ్మ టీవీలో వస్తూ శబ్దం మాత్రం వాటిలోకి పోవచ్చు.

ఆటో రొటేట్ ఆన్ చేసి ఫోన్ అడ్డంగా పట్టుకుంటే అడ్డంగా తీసిన ఫొటోలు టీవీ తెరను దాదాపు నింపేస్తాయి. నిలువుగా తీసిన వీడియోలు మాత్రం నడిమధ్య సన్నగా వస్తాయి, తెర వెడల్పులో మూడో వంతు కూడా రాదు. దానికి మందు లేదు, అది తీసిన తీరు. అందుకే బతుకమ్మ ఆడేటప్పుడు, బారాత్‌లో వీడియో తీసేవాళ్లకు ఫోన్ అడ్డంగా పట్టుకోమని ముందే చెప్పండి.

మా ఇంట్లో ఇంకో గొడవ వచ్చింది. నేను తీసిన ఫొటోలు చక్కగా ఉన్నాయి, చెల్లె వాట్సాప్‌లో పంపిన వీడియో మాత్రం మసకమసకగా వచ్చింది. "టీవీ బాలేదు" అన్నారు అందరూ. టీవీ తప్పేం లేదు. వాట్సాప్ మామూలుగా పంపితే వీడియోను బాగా కుదించేస్తుంది, చేతిలో ఉన్న ఫోన్ తెర మీద ఆ తేడా తెలియదు, 43 అంగుళాల మీద బయటపడుతుంది. అదే వీడియోను డాక్యుమెంట్‌గా పంపమంటే కుదించకుండా ఉన్నది ఉన్నట్టే వస్తుంది. చెల్లె మళ్లీ అట్ల పంపింది, ఈసారి అమ్మమ్మ పేర్చిన బతుకమ్మలో తంగేడు పూలు, గునుగు పూలు విడివిడిగా కనపడ్డాయి.

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ఫోన్‌ను టీవీకి దగ్గరగా, అదే గదిలో పెట్టండి. మధ్యలో గోడ ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. వెనక నడిచే యాప్‌లు మూసేయండి.

మీ టీవీలో మిరాకాస్ట్ లేకుండా కాస్ట్ ఒక్కటే ఉండొచ్చు, కొన్ని ఆండ్రాయిడ్ టీవీలు ఇలాగే ఉంటాయి. కొన్ని ఫోన్లలో కూడా, ముఖ్యంగా పిక్సెల్‌లో, మిరాకాస్ట్ లేదు. అప్పుడు ఫోన్, టీవీ రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. వైఫై లేని ఇంట్లో దానికి ఇంకో ఫోన్ కావాలి. మామయ్య ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి టీవీని, మీ ఫోన్‌ను రెండింటినీ దానికి కలపండి, తర్వాత Cast నొక్కండి. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ నుంచే కాస్ట్ చేస్తే కొన్నింటిలో టీవీ కనపడదు, అందుకే రెండో ఫోన్. మామయ్య ఫోన్‌లో డేటా ఆన్‌లో ఉంచండి. టీవీ వైఫై జాబితాలో ఆ హాట్‌స్పాట్ పేరు రాకపోతే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 5 GHz మీద ఉందేమో చూసి 2.4 GHz కు మార్చండి, తక్కువ ధర టీవీలు చాలావాటికి 5 GHz అందదు. ఈ పద్ధతిలో ఫోన్ తెరనే కాస్ట్ చేసి సొంత ఫొటోలు చూస్తే డేటా పెద్దగా పోదు, యూట్యూబ్ పెట్టారంటే మాత్రం హెచ్‌డీలో గంటకు ఒక జీబీ దాటొచ్చు, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ ఒక్క సినిమాకే ఖాళీ.

సినిమా యాప్‌లు మిర్రరింగ్‌లో తెర నల్లగా చూపి మాటలు మాత్రం వినిపిస్తుంటే ఏదో పాడైందని టెన్షన్ పడకండి. కాపీ చేయకుండా ఆ యాప్‌లే అడ్డుకుంటాయి. వాటిని యాప్‌లోని కాస్ట్ గుర్తుతోనే, లేదంటే టీవీలోని అదే యాప్‌లోనే చూడాలి.

ఐఫోన్‌లో మిరాకాస్ట్ ఉండదు, దాని బదులు ఆపిల్ వాడే పద్ధతి AirPlay, అది మీ టీవీలో ఉందో లేదో చూసుకోండి.

చూడటం అయిపోయాక ఫోన్‌లో అదే బటన్ నొక్కి Disconnect చేయండి, ఊరికే గ్యాలరీ మూస్తే తెర ఇంకా టీవీలో నడుస్తూనే ఉంటుంది. చుట్టాల ఇంట్లో పెట్టి ఉంటే వాళ్ల టీవీ పరికరాల జాబితాలోంచి మీ ఫోన్ పేరు కూడా తీసేసి రండి, Do Not Disturb ఆపడం మర్చిపోకండి, మరుసటి రోజు పొద్దున దాకా నాకు ఒక్క ఫోనూ మోగలేదు.